రెండు వందల్లో ఒకటి: ట్రేడర్ ఉద్యోగానికి రాసిన ఒక కవర్ లెటర్

స్నేహితుడి కూతురు గణితంలో డిగ్రీ పూర్తి చేసి, ఒక చిన్న బ్రోకరేజీలో జూనియర్ ట్రేడర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. పంపే ముందు కవర్ లెటర్ నాకు పంపి, "బాబాయ్, ఒకసారి చూసి చెప్పండి. మొహమాటం వద్దు" అంది. ఇలాంటి బ్రోకరేజీలోనే, ట్రేడింగ్ డెస్క్ మీద, నేను చాలా ఏళ్లు పనిచేశాను. దరఖాస్తులు చదివి ఎవరిని పిలవాలో చెప్పే పని కూడా కొన్నాళ్లు నాదే. కాబట్టి మొహమాటం లేకుండానే చదివాను.

చక్కగా రాసింది. తప్పుల్లేవు, గొప్పలు పోలేదు. మూడో పేరాలో ఈ వాక్యం ఉంది: "20 చిన్న కంపెనీల షేర్ల మీద, మూడేళ్ల రోజువారీ ధరలతో ఒక మూవింగ్ యావరేజ్ పద్ధతిని పరీక్షించాను. షేర్లు కొని ఊరుకుంటే వచ్చేదానికంటే ఏడాదికి 12 శాతం ఎక్కువ వచ్చింది. షార్ప్ రేషియో 1.5. ఇది యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 1 శాతం కంటే తక్కువ."

నేను ఆగింది అక్కడే. డెస్క్ మీద ఉన్నవాళ్లు ఎవరైనా అక్కడే ఆగుతారు. ఆ వాక్యం తీసేయమని చెప్పడం తేలిక. చాలామంది ఆ సలహానే ఇస్తారు. నేను మాత్రం దాన్ని ఉంచి, చివరిదాకా లెక్కగట్టి, అది ఎక్కడ కూలిపోయిందో కూడా రాయమన్నాను. అలా ఎందుకన్నానో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలని ఉంది. ఈ విషయంలో నాతో పనిచేసినవాళ్లే నాతో ఏకీభవించరు.

ఆ 1 శాతం ఎక్కడి నుంచి వచ్చింది

ముందు ఆమె లెక్క. మూవింగ్ యావరేజ్ అంటే గత కొన్ని రోజుల ధరల సగటు, రోజూ ముందుకు జరుగుతూ ఉంటుంది. షార్ప్ రేషియో అంటే ఏడాదికి వచ్చిన అదనపు రాబడిని దాని ఒడుదొడుకులతో భాగిస్తే వచ్చేది. ఆమెకు రాబడి 12 శాతం, ఒడుదొడుకులు 8 శాతం. అందుకే 1.5. మూడేళ్ల డేటా ఉంది కాబట్టి దాన్ని √3తో గుణిస్తే దాదాపు 2.6 వస్తుంది. గణాంకశాస్త్రం చదివినవాళ్లకు ఈ 2.6 పరిచయమైన సంఖ్యే. అసలు ఏ లాభమూ లేని పద్ధతికి కేవలం అదృష్టం వల్ల 2.6 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావడం వెయ్యిలో ఐదు సార్లు కూడా జరగదు. అంతవరకు ఆమె రాసింది తప్పు కాదు.

ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "మూవింగ్ యావరేజ్‌లు ఎన్ని రోజులవి తీసుకున్నావమ్మా?"

"5 రోజులది, 60 రోజులది. చిన్నది పెద్దదాన్ని దాటితే కొనడం, కిందికి దిగితే అమ్మేయడం."

"5, 60 అని ముందే అనుకున్నావా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిజాయితీగా చెప్పింది. చిన్న యావరేజ్‌కి 5 నుంచి 50 దాకా ఐదేసి రోజుల తేడాతో పది విలువలు, పెద్దదానికి 60 నుంచి 250 దాకా పదేసి రోజుల తేడాతో ఇరవై విలువలు. మొత్తం రెండు వందల జతలు పరీక్షించింది. అన్నిట్లోకీ బాగా వచ్చిన జతను లెటర్లో రాసింది.

అప్పుడు ప్రశ్నే మారిపోతుంది. ఒక పద్ధతికి అదృష్టం వల్ల 2.6 వస్తుందా అన్నది ఇక అడగాల్సింది కాదు. రెండు వందల పద్ధతుల్లో ఉత్తమమైనదానికి అదృష్టం వల్ల ఎంత వస్తుందన్నది అడగాలి. ఆ రెండు వందలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వాటిలో ఏదీ పనికిరానిదే అయినా, అత్యుత్తమమైనదానికి సగటున దాదాపు 2.75 వస్తుంది. షార్ప్ రేషియోలో చెప్పాలంటే 1.6 దగ్గర. అంటే పూర్తిగా పనికిరాని రెండు వందల పద్ధతుల్లో మేటిది, ఆమె గర్వంగా రాసినదాని కంటే కొంచెం బాగానే కనిపిస్తుంది. కనీసం ఒక దానికైనా 2.6 దాటే అవకాశం 60 శాతం పైనే.

ఇక్కడ ఆమె నన్ను అడ్డుకుంది. అడ్డుకోవడం నాకు నచ్చింది కూడా. "కానీ బాబాయ్, అవి సంబంధం లేనివి కావు కదా. 5, 60కీ 5, 70కీ తేడా ఎంత? దాదాపు ఒకే రోజుల్లో కొంటాయి, ఒకే రోజుల్లో అమ్ముతాయి. రెండు వందలని లెక్కపెట్టడం నాకు అన్యాయం."

నిజమే. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న జతలన్నిటినీ కలిపేస్తే అసలు వేర్వేరు ప్రయత్నాలు ఏ ఇరవయ్యో ఉండొచ్చు. ఇరవై అనుకుంటే అదృష్టం వల్ల 2.6 దాటే అవకాశం 9 శాతానికి దిగుతుంది. అంటే అసలు జవాబు 9కీ 60కీ మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడుందో ఊహించడం కంటే కొలవడం మేలు.

దానికి దారి చెప్పాను. మూడేళ్ల రోజులను పేకముక్కల్లా కలిపేయాలి. ఒక రోజున ఇరవై షేర్లు ఎలా కదిలాయో ఆ కదలికలన్నీ కలిసే ఉండాలి, రోజుల వరుస మాత్రమే మారాలి. షేర్ల సగటు పెరుగుదల మారదు, వాటి మధ్య ఉన్న సంబంధం చెదరదు. పోయేదల్లా ఒక రోజుకీ తర్వాతి రోజుకీ ఉన్న లంకె. మూవింగ్ యావరేజ్ పట్టుకోవాల్సింది ఆ లంకెనే. అది లేని డేటా మీద మళ్లీ రెండు వందల జతలూ నడిపి, వాటిలో ఉత్తమమైనదాని షార్ప్ రేషియో రాసుకోవాలి. ఇలా వెయ్యి సార్లు చేయాలి. జతల మధ్య పోలికలు ప్రతిసారీ అలాగే ఉంటాయి కాబట్టి "అసలు ప్రయత్నాలు ఎన్ని" అన్న వాదనే అక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం మెసేజ్ వచ్చింది. వెయ్యి సార్లలో 140 సార్లు ఉత్తమ జత 1.5 దాటింది. ఆమె 1 శాతం 14 శాతమైంది.

ఫుట్‌నోట్‌గా మిగిలిన ఖర్చు

అసలు విషయం నాకు కనిపించింది మాత్రం ఇంకో చోట. లెటర్ చివర్లో చిన్నగా "లావాదేవీల ఖర్చులు కలపలేదు" అని ఉంది. గణితం చదివినవాళ్లకు అదొక చిన్న సవరణలా తోస్తుంది. బ్రోకరేజీలో పనిచేసేవాళ్లకు మాత్రం రోజంతా గడిచేది దానితోనే.

ఆమె ఎంచుకున్నవి చిన్న కంపెనీల షేర్లు. వాటిలో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పలచగా ఉంటారు. స్క్రీన్ మీద షేరు ధర 100 అని కనిపిస్తున్నా నిజంగా అక్కడ ఉండేవి రెండు ధరలు. ఇప్పుడే అమ్మాలంటే దొరికేది 99.70, ఇప్పుడే కొనాలంటే ఇవ్వాల్సింది 100.30. కొని, ధర ఏమాత్రం కదలకుండానే అమ్మేసినా 0.60 పోతుంది. ఈ తేడానే స్ప్రెడ్ అంటాం. దానిమీద రుసుములు కొన్నప్పుడు 0.10, అమ్మినప్పుడు 0.10 అనుకుందాం. మొత్తం 0.80, అంటే ఒక్క రౌండుకి 0.8 శాతం.

ఆమె పద్ధతి ఒక్కో షేరులోకి ఏడాదికి సుమారు ఐదు సార్లు వెళ్లి బయటికి వస్తోంది. ఐదు రౌండ్లకు 4 శాతం. 12 శాతంలో 4 పోతే మిగిలింది 8. షార్ప్ రేషియో 1.5 నుంచి 1.0కి పడింది. √3తో గుణిస్తే 1.7. అది కూడా రెండు వందల్లోంచి ఏరుకున్నది. ఇక దాన్ని పట్టుకుని వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఈ లెక్క చెప్పినప్పుడు ఆమె గొంతులో నిరుత్సాహం వినిపించింది. "అయితే ఆ పేరా తీసేస్తాను" అంది. వద్దన్నాను. లెటర్ మొత్తంలో ఆ ఉద్యోగానికి నిజంగా సంబంధం ఉన్నది ఈ కూలిపోయిన భాగమే అన్నది నా వాదన.

ఆ కుర్చీలో కూర్చుని చేసేదేమిటి

చిన్న బ్రోకరేజీలో జూనియర్ ట్రేడర్ మార్కెట్ ఎటు పోతుందో ఊహించి సంస్థ డబ్బు పెట్టడు. చాలా చోట్ల ఆ డబ్బే ఉండదు. అతను చేసేది ఖాతాదార్ల ఆర్డర్లు నడపడం. ఫోన్లో ఆర్డర్ వస్తుంది. కొనడమా అమ్మడమా, ఏ షేరు, ఎన్ని, ఏ ధరకు అన్నవి తిరిగి చదివి వినిపించాలి. ఆర్డర్ మార్కెట్లో పెట్టాలి, ఎంత నడిచిందో చెప్పాలి, నమోదు చేయాలి, సాయంత్రం మన లెక్కా అవతలి లెక్కా సరిపోయాయో లేదో చూడాలి.

ఒక ఖాతాదారు 50,000 షేర్లు అమ్మమన్నాడనుకోండి. ఆ షేరులో రోజుకి సగటున 2 లక్షల షేర్లే చేతులు మారతాయి. అంటే మనం ఒక్కరమే రోజు వ్యాపారంలో నాలుగో వంతు. మొత్తం ఒకేసారి పెడితే 99.70 దగ్గరున్న కొద్దిపాటి కొనుగోళ్లూ అయిపోయి, 99.40, 99.10 అంటూ కిందికి పోతాం. కొంచెం కొంచెంగా అమ్మితే సాయంత్రానికి మార్కెట్టే పడిపోవచ్చు. ఈ రెండు భయాల మధ్య ఆ రోజంతా నడుస్తుంది.

సాయంత్రం సగటు ధర 99.55 వచ్చిందనుకోండి. ఆర్డర్ వచ్చినప్పుడు నడిమి ధర 100. ఖాతాదారుకు నూటికి 0.45 తక్కువ అందింది. అందులో 0.30 స్ప్రెడ్‌లో సగం, ఓపిక లేకుండా అప్పటికప్పుడు అమ్మినా ఎలాగూ పోయేదే. మిగిలిన 0.15 మన అమ్మకమే ధరను తోయడం వల్లా, రోజులో మార్కెట్ కదలడం వల్లా. ఎంత దేనివల్లో తేల్చి చెప్పడం ఒక్క ఆర్డర్‌తో సాధ్యం కాదు. వంద ఆర్డర్లు రాసిపెట్టుకుంటే కొంత తెలుస్తుంది. ఆ రాసిపెట్టుకునే మనిషి డెస్క్‌కి కావాలి. గణితం చదివిన అమ్మాయి అక్కడ నిజంగా పనికొస్తుంది.

అందుకే ఆమె ఫుట్‌నోట్‌లో వదిలేసిన 0.8 శాతం నాకు 12 శాతం కంటే విలువైనదిగా కనిపించింది. తన పద్ధతిని చంపిన ఖర్చునే రేపు ఖాతాదారు తరఫున తగ్గించాలి. ఈ మాట ఆమె లెటర్లో ఎక్కడా లేదు. "మార్కెట్లను గణితంతో అర్థం చేసుకోవాలన్న తపన" మాత్రం రెండు సార్లు ఉంది.

నాకు ఎదురు చెప్పినవాళ్లు

ఈ సంగతి పాత సహోద్యోగి ఒకాయనతో చెప్పాను. ఇప్పటికీ మనుషుల్ని తీసుకునే పనిలోనే ఉన్నాడు. "నువ్వు ఆ పిల్ల కొంప ముంచుతున్నావు" అన్నాడు. ఆయన వాదన ఇది. కవర్ లెటర్ మీద మొదటి మనిషి ఒక నిమిషం కూడా పెట్టడు. ఆ నిమిషంలో "నా ఫలితం నిలబడలేదు" అన్న వాక్యం కంటపడితే పక్కన పెట్టేస్తాడు. మిగతా నలభై మంది తమ లాభాలు రాస్తుంటే ఈమె ఒక్కతే నష్టం రాస్తే ఎవరు చూస్తారు?

దీన్ని కొట్టిపారేయలేను. పెద్ద సంస్థల్లో మొదట చదివేది డెస్క్ మనుషులు కాదు. అక్కడ ఆయన చెప్పిందే జరగొచ్చు. చిన్న బ్రోకరేజీలో మాత్రం ఆ కాగితం చాలాసార్లు నేరుగా డెస్క్ పెద్ద చేతికే వస్తుంది. షార్ప్ రేషియో 1.5 అని అతను ఎన్ని లెటర్లలో చూసి ఉంటాడో. ప్రతిసారీ అతని మనసులో లేచే ప్రశ్న ఒక్కటే, "ఎన్ని ప్రయత్నాల్లో?" ఆ ప్రశ్నకు ముందే జవాబు రాసిన లెటర్ నా చేతికి ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే తప్పకుండా పిలిచేవాణ్ణి.

రెండో అనుమానం నాదే. తప్పు ఒప్పుకోవడం కూడా ఒక అలంకారం అయిపోదా? రేపు అందరూ పాత ధరల మీద నడిపి అందంగా కూలిన పరీక్ష, అంటే బ్యాక్‌టెస్ట్, ఒకటి తయారుచేసుకుని రాస్తే? రాయొచ్చు. కానీ అది తయారుచేయాలంటే రెండు వందల జతలను వెయ్యి సార్లు నడపాలి, స్ప్రెడ్ చూడాలి, రౌండ్లు లెక్కపెట్టాలి. అదంతా చేసినవాళ్లు ఎందుకు చేసినా పని నేర్చుకున్నట్టే. చేయకుండా రాసినవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

నా పట్టుదలకు అసలు కారణం ఇంకొకటి ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, అమ్మాల్సిన ఆర్డర్‌ను కొనుగోలుగా పెట్టాను. నిమిషంలో గమనించాను. వెంటనే చెప్పి ఉంటే, కొన్నవి అమ్మేసి, ఆ తేడాను పొరపాట్ల కోసం సంస్థ ఉంచుకునే ఎరర్ అకౌంట్‌లో వేసుకుని, ఖాతాదారు ఆర్డర్ మళ్లీ నడిపేవాళ్లు. స్ప్రెడ్ అంత నష్టంతో పోయేది. నేను చెప్పలేదు. ధర కొంచెం పెరిగితే ఎవరికీ తెలియకుండా సరిచేయొచ్చని ఇరవై నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. ధర పడింది. చెప్పేసరికి నష్టం మొదటిదానికి నాలుగు రెట్లు. టెన్షన్‌తో చేతులు వణకడం ఇంకా గుర్తుంది. మా పెద్దాయన తప్పు ఆర్డర్ గురించి ఒక్క మాట అనలేదు. ఆ ఇరవై నిమిషాల గురించే అడిగారు.

ఇలాంటివి ఎక్కడిదాకా పోగలవో లోకం ఒకసారి చూసింది. 2005 డిసెంబరులో టోక్యో ఎక్స్ఛేంజ్‌లో జె-కామ్ అనే కంపెనీ షేరు మొదటిసారి ట్రేడింగ్‌కి వచ్చిన రోజు, మిజుహో సెక్యూరిటీస్‌లో ఒక షేరును 6,10,000 యెన్‌లకు అమ్మాల్సింది, 6,10,000 షేర్లను ఒక్కోటి ఒక్క యెన్‌కి అమ్ముతున్నట్టు ఆర్డర్ వెళ్లిపోయింది. ఆ కంపెనీకి ఉన్న మొత్తం షేర్లే 14,500 దాకా. లేని షేర్లను, ఉన్నవాటికి నలభై రెట్లకు పైగా అమ్మకానికి పెట్టారన్నమాట. స్క్రీన్ హెచ్చరించింది, దాన్ని దాటేశారు. తర్వాత రద్దు చేయబోతే ఎక్స్ఛేంజ్ వ్యవస్థ ఆ రద్దును తీసుకోలేదు. నష్టం దాదాపు 4,000 కోట్ల యెన్‌లు. సంఖ్య చూడగానే "ఇది ఉండాల్సినంతే ఉందా?" అని అడిగే అలవాటు అక్కడ అవసరమైంది. తన 1 శాతాన్ని తానే అనుమానించి 14 దాకా తీసుకెళ్లిన అమ్మాయిలో ఆ అలవాటు మొలకెత్తినట్టు నాకు అనిపించింది.

మార్చి రాసిన పేరా

రెండు రోజుల తర్వాత కొత్త లెటర్ పంపింది. మూడో పేరా ఇలా ఉంది:

"20 చిన్న కంపెనీల షేర్ల మీద 200 మూవింగ్ యావరేజ్ జతలు పరీక్షించాను. ఉత్తమమైనదానికి షార్ప్ రేషియో 1.5 వచ్చింది. రోజుల వరుసను 1,000 సార్లు కలిపి అదే వెతుకులాట మళ్లీ చేస్తే, 140 సార్లు అంతకంటే మంచి ఫలితమే వచ్చింది. ఒక్కో రౌండుకి 0.8 శాతం ఖర్చు కలిపితే షార్ప్ రేషియో 1.0కి తగ్గింది. ఈ పద్ధతిని నేను వాడను. కానీ ఆ 0.8లో 0.6 స్ప్రెడ్ అని తెలిశాక, అది రోజులో ఏ వేళ ఎంత ఉంటుందో రాసుకోవడం మొదలుపెట్టాను. మీ డెస్క్ మీద నేర్చుకోవాలనుకుంటున్నది దీన్నే."

చివరి రెండు వాక్యాలు నేను చెప్పినవి కావు. తపన గురించిన వాక్యాలు రెండూ మాయమయ్యాయి. లెటర్ పేజీ నుంచి ముప్పావు పేజీకి తగ్గింది. నేను మార్చమన్నది ఒక్క కామా.

ఇంటర్వ్యూకి పిలిచారు. మొదట ఆ 140 గురించే అడిగారట. మళ్లీ వెయ్యి సార్లు కలిపితే 140 ఎంత మారుతుందని. ప్రామాణిక దోషం 1.1 శాతం దగ్గర కాబట్టి 12 నుంచి 16 శాతం మధ్య ఉండొచ్చని చెప్పింది. తర్వాత డెస్క్ పెద్ద బల్ల మీదున్న ఫోన్ ఎత్తి, ఖాతాదారులా మాట్లాడాడట. "యాభై వేలు అమ్మేయమ్మా, వందకి." స్క్రీన్ మీద కొనేవాళ్లు 99.70 దగ్గర ఉన్నారని చెప్పి, "ముందు ఏం చేస్తావు?" అన్నాడు.

"ఆర్డర్ తిరిగి చదివాను బాబాయ్," అంది. "చదివాక, వంద అంటే అంతకంటే తక్కువకి అమ్మొద్దనా, లేక ఇప్పుడు నడుస్తున్న ధర చెప్పారా అని అడిగాను. ఆయన ఫోన్ పెట్టేసి, ఏదో రాసుకున్నారు. ఫలితం వచ్చే వారం చెబుతామన్నారు."